చక్కెర లేని స్వీట్ల డబ్బా మీద ఏం రాయాలి, ఏం రాయకూడదు

ప్రశ్న: మాది రాజమండ్రిలో చిన్న స్వీట్ షాపు. ఈ దసరాకి షుగర్ ఫ్రీ రేంజ్ మొదలుపెడుతున్నాం. కాజు కట్లీ (మాల్టిటాల్‌తో), పాలకోవా (సుక్రలోజ్‌తో), ఖర్జూరం లడ్డు, బెల్లం సున్నుండలు, మొత్తం నాలుగు రకాలు. డబ్బా మీదకి, ఇన్‌స్టాగ్రామ్‌కి ఒక మంచి క్యాప్షన్ కావాలి. "షుగర్ ఉన్నవాళ్ళూ హాయిగా తినొచ్చు" అని పెడదామని మా తమ్ముడు అంటున్నాడు. నాకు అబద్ధం రాయడం ఇష్టం లేదు. పదార్థాలన్నీ రాస్తే జనం భయపడతారేమో అని కూడా టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

సమాధానం:

క్యాప్షన్ సంగతి తర్వాత, ముందు రేంజ్ పేరు మార్చాలి. మీరు చెప్పిన నాలుగింటిలో ఒక్కటి కూడా "షుగర్ ఫ్రీ" కాదు. మీరు మోసం చేస్తున్నారని నేననడం లేదు. ఆ మాటకి మనం ఇంట్లో అనుకునే అర్థం వేరు, నిబంధనల్లో ఉన్న అర్థం వేరు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన ప్రకటనలు, క్లెయిముల నిబంధనల ప్రకారం గట్టి పదార్థాన్ని షుగర్ ఫ్రీ అనాలంటే 100 గ్రాముల్లో చక్కెరలు అర గ్రాము మించకూడదు. ఇక్కడ చక్కెరలు అంటే మనం డబ్బాలోంచి తీసి వేసే పంచదార ఒక్కటే కాదు. పాలలో ఉండే లాక్టోజ్, పండ్లలో ఉండే గ్లూకోజ్, ఫ్రక్టోజ్, గింజల్లో పప్పుల్లో సహజంగా ఉండే సుక్రోజ్ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మన స్వీట్లు పాలు, పప్పులు, గింజలు, ఎండు పండ్లతోనే చేస్తాం కాబట్టి, పంచదార గింజ కూడా వేయకుండా చేసినా ఆ అర గ్రాము గీత దగ్గరే దాదాపు అన్నీ ఆగిపోతాయి. తెలుగులో "చక్కెర రహితం" అని రాసినా అదే క్లెయిమ్, భాష మారితే తప్పించుకున్నట్టు కాదు. రేంజ్ పేరులో పెట్టినా క్లెయిమే.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కిందట ఒక షాపులో పనిచేస్తూ, పంచదార వేయని కోవా డబ్బా మీద "జీరో షుగర్" అని నేనే రాశాను. నెల తిరక్కుండా ఒక రిటైర్డ్ మాస్టారు నోట్‌బుక్ పట్టుకుని వచ్చారు. నాలుగు బిళ్ళలు తిన్న రోజుల్లో, తినని రోజుల్లో గ్లూకోమీటర్‌లో చూసుకున్న అంకెలు వరసగా రాసుకున్నారు. ఆయన కోప్పడలేదు. "జీరో అంటే సున్నానే కదండీ?" అని అడిగారంతే. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను.

ఆ లెక్క ఇది. గేదె పాలు లీటరులో లాక్టోజ్ సుమారు 50 గ్రాములు ఉంటుంది. ఐదు లీటర్లు మరగబెడితే నీళ్ళు పోతాయి గాని లాక్టోజ్ ఎక్కడికీ పోదు, మొత్తం 250 గ్రాములూ మూకుట్లోనే ఉంటుంది. చివరికి మీ చేతికి వచ్చే కోవా కిలో వంద గ్రాములు అనుకుందాం. అంటే 100 గ్రాముల కోవాలో 22, 23 గ్రాముల దాకా లాక్టోజ్. పాతిక గ్రాముల బిళ్ళలో ఐదున్నర గ్రాములు. మాస్టారు తిన్న నాలుగు బిళ్ళల్లో 22 గ్రాముల పైచిలుకు చక్కెర ఉంది, నేను రాసింది సున్నా. మీరు వేసే సుక్రలోజ్ చిటికెడే, అది ఈ అంకెను పెంచదు, తగ్గించదు. పాలపొడి కలుపుతున్నట్టయితే లాక్టోజ్ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే వెన్న తీసిన పాలపొడిలో సగం అదే.

ఇక కాజు కట్లీ. మీ నాలుగింటిలో ఇదే నిజాయితీగా చెప్పుకోవడానికి బాగుంటుంది, కాబట్టి దీన్ని పూర్తిగా లెక్క కట్టి చూపిస్తాను. మీ కొలతలు నాకు తెలియవు కాబట్టి మామూలుగా వాడేవి తీసుకుంటున్నాను: జీడిపప్పు 500 గ్రాములు, మాల్టిటాల్ పొడి 350, నెయ్యి 20, ఏలకుల పొడి కాస్త. పాకం నీళ్ళు చాలావరకు ఆవిరైపోగా సుమారు 900 గ్రాముల కట్లీ వస్తుంది.

జీడిపప్పులో సహజంగానే నూటికి ఆరు గ్రాముల వరకు చక్కెర ఉంటుంది. 500 గ్రాములకి 30 గ్రాములు. దాన్ని 900తో పంచితే 100 గ్రాముల కట్లీకి 3.3 గ్రాములు. అర గ్రాము దాటింది కాబట్టి షుగర్ ఫ్రీ కాదు. అయితే 100 గ్రాములకి 5 గ్రాముల లోపు ఉంటే "తక్కువ చక్కెర" అని చెప్పుకోవచ్చని అవే నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి "చక్కెర కలపలేదు" అన్న మాట, "తక్కువ చక్కెర" అన్న మాట, రెండూ మీకు దక్కుతాయి. నా దృష్టిలో మొదటిదే మేలు. ఏం చేశారో అది చెబుతుంది, పొగడదు.

కేలరీల దగ్గర మాత్రం జనం ఆశ పెట్టుకుంటారు, మనమూ పెట్టిస్తాం. జీడిపప్పు 500 గ్రాములకి 2,765 కేలరీలు, నెయ్యికి 180. పంచదార అయితే గ్రాముకి 4 చొప్పున 1,400 వచ్చేవి. మాల్టిటాల్‌కి గ్రాముకి 2.4 వేసుకుంటే 840. మొత్తం కలిపి 900తో భాగిస్తే మీ కట్లీ 100 గ్రాములకి 420 కేలరీలు, పంచదార కట్లీ 483. తేడా 13 శాతం. పదిహేను గ్రాముల ముక్కకి 63, 72. తొమ్మిది కేలరీల కోసం జనం రెట్టింపు ధర పెడుతున్నారని మీ లేబుల్ మీరే చదివితే అర్థమవుతుంది. "తగ్గించిన కేలరీలు" అనాలంటే పోల్చే వస్తువు కంటే కనీసం 25 శాతం తగ్గాలి, కాబట్టి ఆ మాట మీకు లేదు. "బరువు తగ్గించే" అన్న మాట అసలే వద్దు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు అదుపు కోసం చక్కెరేతర తీపి పదార్థాలను వాడవద్దని సూచించింది కూడా. ఆ సూచనలో మాల్టిటాల్ లాంటివి లేవు గాని సుక్రలోజ్, స్టీవియా ఉన్నాయి. అప్పటికే మధుమేహం ఉన్నవాళ్ళకి ఆ సూచన వర్తించదని కూడా అందులోనే ఉంది, అందుకని దాన్ని చూపించి ఎవరినీ భయపెట్టనక్కర్లేదు.

మాల్టిటాల్ గురించి ఇంకో మాట. 900లో 350 అంటే నూటికి 39 గ్రాములు. ఇలాంటి పాలియాల్‌లు 10 శాతం లేదా అంతకు మించి ఉన్న పదార్థం మీద "పాలియాల్‌ల వల్ల విరేచనకారి ప్రభావం ఉండొచ్చు" అన్న అర్థం వచ్చే హెచ్చరిక రాయాలి. ఇది లాంఛనం కాదు. ఒక ముక్కలో దాదాపు 6 గ్రాములు ఉంటుంది. పండగ రోజు టీవీ ముందు కూర్చుని ఆరు ముక్కలు లాగించిన వాడికి 35 గ్రాములు లోపలికి వెళ్తుంది, అప్పుడు కడుపు ఉబ్బరం, విరేచనాలు చాలామందికి వస్తాయి. మర్నాడు అతను "మీ స్వీట్ పాడైపోయింది" అని ఫోన్ చేస్తాడు. హెచ్చరిక రాసి ఉంటే అదే ఫోన్ "మీరు రాసింది నిజమే అండీ" అని వస్తుంది. నాకు రెండు రకాలూ వచ్చాయి. ఇంకా, మాల్టిటాల్ రక్తంలో గ్లూకోజ్‌ని పంచదార కంటే తక్కువగా పెంచుతుంది, కాని పెంచుతుంది. సున్నా కాదు.

ఖర్జూరం లడ్డుని ఈ రేంజ్‌లోంచి తీసేయండి. ఎండు ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే. లడ్డులో సగానికి పైగా ఖర్జూరం వేస్తే 100 గ్రాములకి 35, 40 గ్రాముల చక్కెర ఉంటుంది. దీనికి "చక్కెర కలపలేదు" అని కూడా రాయలేరు, ఎందుకంటే తీపి కోసం ఎండు పండ్ల ముద్ద వేస్తే అది పంచదార బదులు వేసినట్టే లెక్క. మంచి స్వీటే, "ఖర్జూరంతో తీపి చేసిన లడ్డు" అని మామూలు కౌంటర్‌లో అమ్మండి, బాగానే పోతుంది. సున్నుండలదీ అదే సంగతి. బెల్లం చాలావరకు సుక్రోజే. బెల్లానికి రంగు, రుచి, కాస్త ఖనిజాలు ఉన్నాయని అది చక్కెర కాకుండా పోదు.

ఇప్పుడు మీ తమ్ముడు చెప్పిన వాక్యం. అది రాయకండి, కారణాలు రెండు. మొదటిది చట్టం. జబ్బుతో ముడిపెట్టి ఇది మేలు చేస్తుంది, తగ్గిస్తుంది, ఆ జబ్బున్నవాళ్ళకి పనికొస్తుంది అనే ధోరణిలో మాట్లాడడం మామూలు స్వీట్‌కి కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 2006 ఆహార భద్రత చట్టంలో పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు, వాట్సాప్‌లో పంపే బొమ్మ కూడా ప్రకటనే.

రెండోది మన భాష. తెలుగులో "షుగర్" అంటే పంచదార కాదు, జబ్బు. "ఆయనకి షుగర్ ఉంది", "షుగర్ పెరిగింది", "షుగర్ టెస్ట్" అంటాం. టీలో వేసేదాన్ని చక్కెర, పంచదార అంటాం. అందుకని డబ్బా మీద "షుగర్ ఫ్రీ" అని కనబడితే మన కస్టమర్‌కి "ఇందులో పంచదార లేదు" అని వినబడదు, "షుగర్ వాళ్ళ కోసం చేసింది, భయం లేదు" అని వినబడుతుంది. ఏమీ చెప్పకుండానే వైద్యం చెప్పినట్టవుతుంది. ఈ ఒక్క కారణం చాలు, నేను తెలుగు డబ్బా మీద ఆ మాట వాడను. "చక్కెర కలపలేదు" అని రాస్తే పదార్థం గురించే మాట్లాడినట్టు ఉంటుంది. కాబట్టి రేంజ్ పేరు "చక్కెర కలపని స్వీట్లు" అని పెట్టండి, అందులో కట్లీ, కోవా రెండే ఉంచండి.

క్యాప్షన్‌లకి వస్తే, కట్లీ డబ్బా ముందు వైపు నేనయితే ఇలా రాస్తాను:

> కాజు కట్లీ
> చక్కెర కలపలేదు. తీపికి మాల్టిటాల్ వాడాం.
> 100 గ్రాముల్లో జీడిపప్పు సొంత చక్కెర 3.3 గ్రాములు, 420 కేలరీలు.

వెనక వైపు:

> ఇందులో ఉన్నవి: జీడిపప్పు (55%), స్వీటెనర్ మాల్టిటాల్ (ఐఎన్‌ఎస్ 965), నెయ్యి, ఏలకులు.
> జీడిపప్పు, పాల పదార్థం ఉన్నాయి.
> పాలియాల్‌ల వల్ల విరేచనకారి ప్రభావం ఉండొచ్చు. ఒకేసారి ఎక్కువ ముక్కలు తినకండి.

పదార్థాలు బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రావాలి. మొదటి మాట జీడిపప్పు, రెండోది మాల్టిటాల్. జనం భయపడతారేమో అన్నారు కదా, నాలుగే నాలుగు పదార్థాలున్న జాబితా చూసి ఎవరూ భయపడరు. పేరు చెప్పకుండా "అనుమతించిన స్వీటెనర్" అని ఊరుకుంటే అప్పుడు అనుమానం వస్తుంది. మీరు పైన వెండి రేకు వేస్తే అదీ రాయండి.

కోవాకి ముందు వైపు:

> పాలకోవా
> చక్కెర కలపలేదు. పాలలోని చక్కెర (లాక్టోజ్) అలాగే ఉంది: ఒక బిళ్ళలో సుమారు 5.5 గ్రాములు.
> తీపికి సుక్రలోజ్ వాడాం.

"అలాగే ఉంది" అన్న రెండు మాటల కోసం నేను పాత షాపులో ఓనరుతో పెద్ద గొడవే పడ్డాను. అమ్మకం పడిపోతుందన్నాడు. నెల రోజులు కొంచెం పడింది, నిజమే. తర్వాత కొన్నవాళ్ళు మళ్ళీ వచ్చారు, ఎందుకంటే ఎంత తినాలో వాళ్ళకి తెలిసింది.

ఇన్‌స్టాగ్రామ్‌కి కాస్త మాట్లాడినట్టు ఉండొచ్చు:

> పంచదార తీసేశాం. జీడిపప్పు, నెయ్యి తీయలేదు, అందుకే కేలరీలు పెద్దగా తగ్గలేదు: ముక్కకి 63. తీపి మాల్టిటాల్‌ది, ఎక్కువ తింటే కడుపు ఊరుకోదు. మధుమేహం ఉంటే ఎంత తినొచ్చో మీ డాక్టర్‌ని అడగండి, మా అంకెలు డబ్బా మీద ఉన్నాయి, చూపించండి.

చివరి వాక్యం మీద ఒక మాట. చాలామంది "డాక్టర్‌ని సంప్రదించండి" అని చిన్న అక్షరాల్లో రాసి చేతులు దులుపుకుంటారు. అంకెలు ఇవ్వకపోతే డాక్టర్ మాత్రం ఏం చెబుతాడు? పిండి పదార్థం మొత్తం, అందులో మాల్టిటాల్ ఎంత, చక్కెరలు ఎంత, ఈ మూడూ ఇస్తే ఆయనకి పనికొస్తాయి. మన లెక్కలో కట్లీకి అవి 100 గ్రాములకి సుమారు 55, 39, 3.3. మిగిలినది ఎక్కువగా జీడిపప్పులోని పిండి, అదీ గ్లూకోజ్‌గా మారేదే.

పైన నేను వేసినవన్నీ కాగితం మీద లెక్కలు. ప్రింటుకి వెళ్ళేముందు ల్యాబ్ రిపోర్ట్ కావాలి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు "మొత్తం చక్కెరలు" అని ఒక్క అంకె అడగకండి. హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్, లాక్టోజ్, మాల్టోజ్ విడివిడిగా కావాలని, మాల్టిటాల్ వేరుగా చూపించాలని రాసి ఇవ్వండి. విడివిడిగా ఉంటే తప్పు ఎక్కడుందో కనబడుతుంది. ఒకసారి మా కట్లీలో సుక్రోజ్ 3 బదులు 7 వచ్చింది. జీడిపప్పు అంత ఇవ్వదు. వెతికితే తేలింది ఏమిటంటే, పొద్దున పంచదార కట్లీ చేసిన గ్రైండర్, మూకుడు కడగకుండానే ఇది చేశారు, పైగా పిండి అంటుకోకుండా బల్ల మీద చల్లిన పొడిలో పంచదార ఉంది. ఆ బ్యాచ్‌ని మామూలు కౌంటర్‌లో పెట్టి అమ్మాం. అందుకే శాంపిల్‌ని ప్రత్యేకంగా శుభ్రంగా చేసి పంపకండి, రోజూ చేసే బ్యాచ్‌లోంచే తీయండి.

కోవాలో గ్లూకోజ్ కనబడితే మీరు కొన్న సుక్రలోజ్ పొడిని అనుమానించండి. బజారులో దొరికే చెంచాతో కొలిచే పొడుల్లో చాలావాటిలో సుక్రలోజ్ కొంచెమే, మిగతాది డెక్స్‌ట్రోజ్ లేదా మాల్టోడెక్స్‌ట్రిన్. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే, అది వేస్తే "చక్కెర కలపలేదు" అన్న మాట అబద్ధమవుతుంది. ఆ పొడి డబ్బా వెనక చదివి, ఫిల్లర్ ఏదైనా ఉంటే దాని పేరు మీ జాబితాలోకీ ఎక్కించాలి. ఏ స్వీట్‌లో ఏ స్వీటెనర్ ఎంతవరకు వేయొచ్చో పరిమితులున్నాయి, మీ లైసెన్స్ పని చూసేవాళ్ళతో కొలతలు పెట్టి సరిచూసుకోండి.

తెలుగు క్యాప్షన్ ఒక్కటే సరిపోదు. ప్యాక్ చేసిన డబ్బా మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీష్‌లో గాని హిందీలో గాని ఉండాలి, తెలుగు దానికి అదనం. రెండు చోట్లా ఒకే అంకె ఉండాలి. తెలుగులో "చక్కెర కలపలేదు" అని, ఇంగ్లీష్‌లో పెద్ద అక్షరాల్లో షుగర్ ఫ్రీ అని వేసిన డబ్బాలు నేను చూశాను, డిజైనర్ పాత ఫైల్ తీసుకోవడం వల్ల. ప్రూఫ్ వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చదవండి.

విడిగా తూకం వేసి అమ్మే ట్రే ముందు కూడా అదే మూడు వాక్యాల బోర్డు పెట్టండి, ఎప్పటిలోగా తినాలో ఆ తేదీతో సహా. కౌంటర్ కుర్రాడికి ఒక్కటి నేర్పండి. "షుగర్ ఉంది, తినొచ్చా?" అని ఎవరైనా అడిగితే "ఆ, తినొచ్చండి" అనకూడదు, బోర్డు వైపు చూపించి "ముక్కకి ఇంత అండీ" అని చెప్పాలి. డబ్బా మీద ఎంత జాగ్రత్తగా రాసినా కౌంటర్‌లో ఆ ఒక్క మాటతో పోతుంది.

మొదటిసారి డబ్బాలు ఐదు వేలు కొట్టించకండి. ఖాళీ డబ్బాలు తెచ్చి స్టిక్కర్ వేయండి. మాల్టిటాల్ సప్లయర్ పొడి బదులు సిరప్ పంపిన రోజున, జీడిపప్పు కొలత మార్చిన రోజున ఈ అంకెలు మారతాయి, అప్పుడు మార్చాల్సింది స్టిక్కర్ ఒక్కటే అవుతుంది.